"ఎప్పుడు వస్తుంది అక్కా?" అన్న ప్రశ్న రాకముందే జవాబు రాసిపెట్టడం

ప్రశ్న: "కొత్తపేటలో ఉంటాను. పిల్లల పట్టు లంగాలు కుట్టించి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. 'షిప్పింగ్ పాలసీ' అని హైలైట్ పెట్టి అందులో అన్నీ రాశాను. అయినా రోజూ అవే ప్రశ్నలు: ఎప్పుడు వస్తుంది, రిటర్న్ ఉందా, ఎందుకు ఆలస్యమైంది. జవాబులు రాయడానికే సగం పూట పోతోంది. అసలు ఎవరూ చదవరా? ఎలా రాస్తే చదువుతారు?"

జవాబు:

చదువుతారండీ. చదివాక కూడా అడుగుతున్నారంటే, మనం రాసినదాంట్లో వాళ్లకు కావలసిన జవాబు లేదన్నమాట.

మారేడుపల్లిలో ఎనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, పిల్లల లంగాలు, మగ్గం పని బ్లౌజులు. మొదట్లో నేనూ మీలాగే బాధపడ్డాను. ఒకసారి వారం పాటు వచ్చిన ప్రతి ప్రశ్ననూ నోటుబుక్కులో రాసుకున్నాను, అడిగినవాళ్లు వాడిన మాటల్లోనే. వారం తిరిగాక చూస్తే, సగానికి పైగా ప్రశ్నలు ఇలా ఉన్నాయి: "7-10 పని దినాలు అని ఉంది కదా, అంటే వచ్చే శుక్రవారానికి అందుతుందా?" ఆమె చదివింది. చదివి, లెక్క వేసుకోబోయి, ఎక్కడినుంచి లెక్కపెట్టాలో తెలియక నన్ను అడిగింది.

కొనేవాళ్ల మనసులో ఉండేది ఒక తేదీ. వరలక్ష్మీ వ్రతమో, పాప పుట్టినరోజో, అన్నప్రాశనో. మనం ఇచ్చేది రోజుల సంఖ్య. ఆ సంఖ్యను తేదీగా మార్చే పనిని వాళ్లమీద వదిలేస్తున్నాం. అందుకు కావలసిన వివరాలు మాత్రం మన దగ్గరే ఉన్నాయి. డబ్బు కట్టిన రోజు లెక్కలోకి వస్తుందా? ఆదివారం వస్తుందా? పది రోజులంటే కుట్టడం పూర్తవడానికా, ఇంటికి చేరడానికా? మీ హైలైట్‌లో ఈ మూడింటికీ జవాబు ఉందో లేదో ముందు చూసుకోండి. లేదంటే ఎన్ని రంగుల్లో, ఎంత అందంగా రాసినా ప్రశ్నలు ఆగవు.

నేను చేసిన మొదటి మార్పు, ఆ ఒక్క సంఖ్యను రెండుగా విడగొట్టడం. మా ఇంటినుంచి పార్శిల్ బయలుదేరడానికి పట్టే సమయం ఒకటి. కొరియర్ చేతిలో ఉండే సమయం ఇంకొకటి. మొదటిదానికి పూర్తి బాధ్యత నాది. రెండోది ఊరిని బట్టి మారుతుంది. రెండూ కలిపి "7-10 రోజులు" అన్నామంటే, అమీర్‌పేటలో ఉన్నవాళ్లకూ భువనేశ్వర్‌లో ఉన్నవాళ్లకూ ఒకే సంఖ్య చెప్పినట్టు, అది ఎవరికీ సరిగ్గా సరిపోదు. ఇద్దరూ మెసేజ్ పెడతారు.

2025 శ్రావణ మాసం లెక్క చెబుతాను, అప్పుడు విషయం స్పష్టంగా అర్థమవుతుంది. ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8, శుక్రవారం. మాకు కుట్టు, మగ్గం పని కలిపి ఏడు పని దినాలు పడుతుంది. కొరియర్‌కు మా అనుభవంలో నగరంలో రెండు రోజులు, రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఊళ్లకు నాలుగు, ఇతర రాష్ట్రాలకు ఏడు. పండుగకు రెండు రోజుల ముందే, అంటే ఆగస్టు 6, బుధవారానికి, పార్శిల్ ఇల్లు చేరాలని పెట్టుకున్నాను. లంగా నడుము దగ్గర వదులైతే కుట్టు వేసుకోవడానికి తల్లికి ఒక సాయంత్రమైనా మిగలాలి.

అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టాను. ఇతర రాష్ట్రాల పార్శిల్ జూలై 30న బయలుదేరాలి. దానికి ముందు ఏడు పని దినాలు, మధ్యలో ఆదివారం తీసేస్తే, ఆర్డరు జూలై 22, మంగళవారం లోపు రావాలి. తెలుగు రాష్ట్రాల ఊళ్లకు పార్శిల్ ఆగస్టు 2న బయలుదేరాలి, ఆర్డరుకు చివరి రోజు జూలై 25. హైదరాబాద్‌లోనే ఉంటే ఆగస్టు 4న బయలుదేరితే చాలు, ఆర్డరు జూలై 26 వరకు తీసుకోవచ్చు. ఊళ్లకూ నగరానికీ కొరియర్‌లో రెండు రోజుల తేడా ఉన్నా, ఆర్డరు గడువులో ఒక్క రోజే తేడా వచ్చింది, గమనించారా? మధ్యలో ఆదివారం పడింది, ఆ రోజు మా దగ్గర మిషన్ తిరగదు. కొనేవాళ్లు ఈ లెక్క తమంతట తాము వేయలేరు. మనమే వేసి పెట్టాలి.

పోస్టులో రాసింది ఇంతే:

"వరలక్ష్మీ వ్రతానికి కావాలంటే ఆర్డరు, కొలతలు, డబ్బు మూడూ మాకు చేరవలసిన చివరి రోజు: ఇతర రాష్ట్రాలకు జూలై 22, తెలంగాణ, ఆంధ్ర ఊళ్లకు జూలై 25, హైదరాబాద్‌కు జూలై 26. రాత్రి 8 వరకు. ఆగస్టు 6 లోపు మీ ఇంటికి చేరుతుంది. ఈ తేదీలు దాటాక ఇచ్చిన ఆర్డర్లు పండుగ తర్వాతే వస్తాయి."

చివరి వాక్యం రాయడానికి నాకు చేతులు రాలేదు. అమ్మకాలు పోతాయేమోనని భయం. కానీ ఆ వాక్యం లేకపోతే 27వ తేదీ నుంచి ప్రతి ఒక్కరూ "కొంచెం చూడండి అక్కా, ఒక్కటే కదా" అని మొదలుపెడతారు. ఒకరికి సరే అన్నామంటే ఇంకొకరికి కాదనలేం. "మూడూ" అన్న మాట కూడా ముఖ్యమే. డబ్బు 22న కట్టి, కొలతలు 25న పంపినవాళ్లు తమ ఆర్డరు 22నే ఇచ్చామని నమ్ముతారు. వాళ్ల తప్పు కాదు, అంతకుముందు నేను రాసింది అలా ఉంది.

"పని దినాలు" అనే మాటను విప్పి చెప్పకుండా ఎక్కడా వాడకండి. "సోమవారం నుంచి శనివారం వరకు, ఆర్డరు ఇచ్చిన మరుసటి రోజు నుంచి లెక్క" అని ఒక్కసారి రాస్తే సరిపోతుంది. మన ఊళ్లో పాతబస్తీ బోనాల మరుసటి సోమవారం, గణేశ్ నిమజ్జనం రోజు, సంక్రాంతికి పనివాళ్లు ఊళ్లకు వెళ్లే నాలుగైదు రోజులు మగ్గం దగ్గర ఎవరూ ఉండరు. ఆ సెలవులు పదిహేను రోజుల ముందే పోస్టులో పెట్టాలి. బయటి రాష్ట్రంవాళ్లకు బోనాల సంగతి ఎలా తెలుస్తుంది?

ఇక ఎక్కడ పెట్టాలన్నది. మీ హైలైట్ పేరు "షిప్పింగ్ పాలసీ" అన్నారు. పాలసీ అనే మాట వెతుక్కుంటూ ఎవరూ రారు. వాళ్ల నోట్లో ఉండే మాట పెట్టండి: "డెలివరీ", "రిటర్న్". ప్రొఫైల్ మీద హైలైట్ పేరు పొడవైతే సగంలో తెగిపోతుంది, కాబట్టి ఒక్క మాట చాలు. ఒకే హైలైట్‌లో కొలతలు, డబ్బు, డెలివరీ, రిటర్న్ అన్నీ కలిపి పద్దెనిమిది స్టోరీలు కుక్కితే, రిటర్న్ కోసం వచ్చినవాళ్లు నాలుగో స్టోరీ దగ్గరే వెళ్లిపోతారు. రెండు హైలైట్లు, ఒక్కోదాంట్లో నాలుగు స్టోరీలకు మించకుండా. బొమ్మ స్టోరీ కొన్ని సెకన్లలో దానంతట అదే తర్వాతి దానికి జరుగుతుంది. వేలితో నొక్కి ఆపవచ్చని అందరికీ తెలియదు. రాసిన స్టోరీని మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో తెరిచి పైకి చదవమనండి. చదవడం పూర్తవకముందే జారిపోతే, అందులో మాటలు ఎక్కువయ్యాయన్నమాట.

ఇంకో పెద్ద చిక్కు ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. స్టోరీ బొమ్మ మీద రాసిన అక్షరాలను పెట్టాక మార్చలేం. పోయిన సంక్రాంతి తేదీలు ఉన్న స్టోరీ హైలైట్‌లో అలాగే ఉండిపోతుంది, కొత్తగా వచ్చినవాళ్లు అదే చదివి అడుగుతారు. పోస్టు కింది క్యాప్షన్‌ను మాత్రం ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. అందుకే మారే విషయాలను, అంటే తేదీలు, గడువులు, సెలవులను, నేను బొమ్మ మీద రాయను. "డెలివరీ తేదీలు" అని ఒక పోస్టు పెట్టి, దాని బొమ్మ మీద ఆ రెండు మాటలే ఉంచి, అసలు విషయమంతా క్యాప్షన్‌లో రాస్తాను. ఆ పోస్టును ప్రొఫైల్‌లో పైన పిన్ చేస్తాను. మూడు పోస్టుల వరకు పిన్ చేసుకోవచ్చు. తర్వాత అదే పోస్టును స్టోరీగా పంచి, ఆ స్టోరీని "డెలివరీ" హైలైట్‌లో చేరుస్తాను. హైలైట్ తెరిచి దాని మీద తడితే పోస్టు తెరుచుకుంటుంది, ఇవాళ దిద్దిన క్యాప్షనే కనిపిస్తుంది. ఒక్కచోట మారిస్తే చాలు. క్యాప్షన్ మొదటి మాటే "జూలై 14న దిద్దినది" అని తేదీతో మొదలుపెట్టండి. ఆ తేదీ లేకపోతే "ఇది ఇప్పటిదేనా అక్కా" అని ఇంకో ప్రశ్న పుడుతుంది.

క్యాప్షన్‌లో మొదటి ఒకటి రెండు వరుసలే బయటికి కనిపిస్తాయి, మిగతాది తడితేనే తెరుచుకుంటుంది. కాబట్టి ప్రతి లంగా పోస్టుకూ "అందమైన కంచి అంచు, మీ బంగారు తల్లి కోసం" అని మొదలుపెట్టడం మానేశాను. మొదటి వరుసలో ధర, వయసు. రెండో వరుసలో "ఇవాళ ఆర్డరు ఇస్తే ఏడు పని దినాల్లో బయలుదేరుతుంది, తేదీలు పైన పిన్ చేసిన పోస్టులో". వర్ణన ఆ తర్వాత. ప్రశ్న పుట్టేది లంగా చూసిన క్షణంలో. జవాబు కోసం ప్రొఫైల్‌కు వెళ్లి, హైలైట్ వెతికి, తెరిచే ఓపిక ఆ క్షణంలో ఎవరికీ ఉండదు. నా అనుభవంలో హైలైట్ కన్నా ఈ రెండో వరుసే ఎక్కువ ప్రశ్నలను ఆపింది.

ఆర్డరు ఖాయమయ్యాక పంపే సందేశంలో కూడా ఒకే ఒక తేదీ ఉండాలి: "మీ పార్శిల్ జూలై 30, బుధవారం బయలుదేరుతుంది. ఆ రోజు రాత్రి ట్రాకింగ్ నంబరు పంపుతాము. నంబరు పని చేయడానికి మరుసటి రోజు వరకు పట్టవచ్చు." చివరి వాక్యం చిన్నదే. అది చేర్చక ముందు, నంబరు పంపిన పది నిమిషాలకే "వివరాలు లేవని వస్తోంది" అని భయపడుతూ మెసేజ్‌లు వచ్చేవి. కొరియర్‌వాళ్లు రాత్రి మూటలు కట్టి స్కాన్ చేసేదాకా అందులో ఏమీ కనిపించదు. ఈ సందేశాన్ని యాప్‌లో సేవ్ చేసిన జవాబుగా పెట్టుకుని, తేదీ ఒక్కటీ మార్చి పంపండి.

రిటర్న్ విషయంలో చాలామంది "నో రిటర్న్, నో రీఫండ్" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ప్రశ్నలు ఆగిపోతాయని వాళ్ల ఆశ. ఆగవు, పెరుగుతాయి, ఎందుకంటే చిరిగిన వస్తువు వస్తే ఏమిటన్నది అందులో లేదు. పైగా అది చట్టం ముందు నిలవదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు ఏదీ లేకపోతే ముప్పై రోజులు. 2020 ఇ-కామర్స్ నియమాలు ఇంకో అడుగు ముందుకు వేసి, చెప్పిన తేదీకన్నా ఆలస్యంగా చేరిన వస్తువునూ ఇందులో చేర్చాయి. ప్రకృతి విపత్తులాంటి, మన చేతిలో లేని కారణానికే మినహాయింపు. మగ్గం మాస్టర్‌కు జ్వరం వచ్చిందన్నది ఆ మినహాయింపులోకి వస్తుందని నేను అనుకోను. అందుకే తేదీ ఇచ్చేటప్పుడు రెండు రోజులు చేతిలో ఉంచుకోమంటాను. రాసిన తేదీ మనల్ని కట్టేస్తుంది.

నేను రాసుకున్నది మూడు సందర్భాలు మాత్రమే, ఒక్కో స్టోరీకి ఒకటి. చిరిగినా, మరక ఉన్నా, మేము వేరేది పంపినా: అందిన మూడు రోజుల్లో ఫొటో పంపండి, తిప్పి పంపే కొరియర్ ఖర్చు మాది, కొత్తది లేదా పూర్తి డబ్బు, ఏది కావాలో మీ ఇష్టం. సైజు సరిపోకపోతే: మీరు ఇచ్చిన కొలతలకు భిన్నంగా కుట్టి ఉంటే ఖర్చంతా మాది, కొలతల ప్రకారమే ఉంటే ఒకసారి ఉచితంగా సరిచేస్తాము, రానుపోను కొరియర్ మీది. మనసు మారితే: మీ కొలతలకు కుట్టినది కాబట్టి వెనక్కి తీసుకోలేము. ఈ మూడోది సూటిగా, మర్యాదగా చెప్పాలి. "దయచేసి అర్థం చేసుకోగలరు" లాంటి మాటలు చేర్చామంటే బేరమాడడానికి చోటు ఉందని అనుకుంటారు. ఇక మూడు రోజులన్నది వాళ్లు త్వరగా చెప్పడానికే. ఊరికి వెళ్లి వచ్చి పదో రోజున చిరుగు చూపించినా నేను కాదనను.

పార్శిల్ విప్పే వీడియో గురించి కూడా తప్పక అడుగుతారు. నేను వీడియో అడుగుతాను, కానీ "వీడియో లేకపోతే ఏమీ చేయలేము" అని రాయను. లోపం నిజంగా ఉంటే వీడియో లేదన్న కారణంతో తప్పించుకోవడం న్యాయం కాదు. "విప్పకముందు చిరునామా చీటీ కనిపించేలా వీడియో తీస్తే అదే రోజు నిర్ణయం చెబుతాము, లేకపోతే ఫొటోలు చూసి రెండు రోజుల్లో చెబుతాము" అని రాశాను. ఎలా తీయాలో, తీస్తే వాళ్లకు ఏమిటి లాభమో తెలిశాక చాలామంది తీస్తున్నారు.

ఇక ఆలస్యం. ఇక్కడ నేను చేసిన తప్పే చెబుతాను. అదే శ్రావణంలో జూలై 29న మా మగ్గం మాస్టర్ జ్వరంతో పడుకున్నాడు. పదకొండు ఆర్డర్లు ఆగాయి. కంగారులో స్టోరీ పెట్టాను: "అనివార్య కారణాల వల్ల కొన్ని ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి, సహకరించగలరు." గంటలో నలభైకి పైగా మెసేజ్‌లు. ఆలస్యమైనవి పదకొండే. మిగతావాళ్లంతా ఆ "కొన్ని"లో తామున్నామేమో అని అడిగినవాళ్లు. అందులో ఒకామె పార్శిల్ అప్పటికే ఆమె ఊరి కొరియర్ ఆఫీసులో ఉంది. ఆ స్టోరీని తీసేశాను.

తర్వాత ముందుగా ఆ పదకొండుమందికి విడివిడిగా రాశాను, ఇద్దరికి ఫోను చేశాను. అందరికీ చెప్పాక, మధ్యాహ్నం పోస్టు పెట్టాను:

"జూలై 29, మధ్యాహ్నం 3 గంటలు. మగ్గం పని ఉన్న బ్లౌజులు, జూలై 21, 22 తేదీల్లో ఇచ్చిన ఆర్డర్లు మాత్రమే ఆలస్యమవుతాయి. ఆ పదకొండుమందికీ ఇప్పటికే మెసేజ్ పంపాము. మీకు రాకపోతే మీ పార్శిల్ చెప్పిన తేదీకే వస్తుంది. ఆలస్యమైనవి ఆగస్టు 2న బయలుదేరతాయి. పండుగకు అందదని అనిపిస్తే మగ్గం పని లేకుండా రేపే పంపుతాము, ఆ పని డబ్బు తిరిగి ఇస్తాము, లేదా ఆర్డరు రద్దు చేసుకుని పూర్తి డబ్బు తీసుకోవచ్చు. జూలై 30 మధ్యాహ్నం 12 లోపు చెప్పండి."

ఆ పోస్టు తర్వాత కొత్తగా వచ్చిన ప్రశ్నలు నాలుగు. ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో రెండూ రాశాను. "మీకు రాకపోతే" అన్న వాక్యమే మిగతా అందరినీ ఊరుకోబెట్టింది. కారణాన్ని పోస్టులో పొడిగించలేదు. కొనేవాళ్లకు కావలసింది కొత్త తేదీ, తమకున్న దారులు. ముగ్గురు రద్దు చేసుకున్నారు, నలుగురు మగ్గం పని లేకుండా తీసుకున్నారు, మిగిలిన నలుగురు ఆగారు. కొత్త తేదీ కూడా ఆ రోజు నా ఆశ ప్రకారం ఇవ్వలేదు, ఇంకో మాస్టర్‌తో మాట్లాడి ఒప్పుకున్నాకే ఇచ్చాను. రెండోసారి తేదీ మారిస్తే ఆ తర్వాత మనం ఏది రాసినా ఎవరూ నమ్మరు. తేదీ చెప్పలేని పరిస్థితి ఉంటే, "రేపు సాయంత్రం 6కి తేదీ చెబుతాము" అని రాసి, ఆ ఆరింటికి తప్పకుండా చెప్పండి, కొత్త కబురు ఏమీ లేకపోయినా సరే.

ఆలస్యం నోటీసు హైలైట్‌లో పెట్టకండి. పార్శిళ్లు బయలుదేరిన రోజునే "ఆగస్టు 2: పదకొండులో మిగిలిన నాలుగూ ఇవాళ బయలుదేరాయి" అని అదే క్యాప్షన్ పైన ఒక వరుస చేర్చి, వారం తర్వాత ఆ పోస్టును ఆర్కైవ్ చేయండి. నేను ఒకసారి మరిచిపోయాను. దసరాకు కొత్తగా వచ్చిన ఒకామె అది చూసి, ఇక్కడ అన్నీ ఆలస్యమేనని అనుకుని వెళ్లిపోయింది.

మీ ప్రశ్నలో ఒక్కటి తెలియలేదు. మీకు మెసేజ్‌లు ఎక్కువగా వచ్చేది ఆర్డరుకు ముందా, తర్వాతా? ముందు అయితే పిన్ చేసిన పోస్టుతో, క్యాప్షన్ రెండో వరుసతో మొదలుపెట్టండి. తర్వాత అయితే ఆర్డరు ఖాయం చేసే సందేశాన్ని ముందు దిద్దండి. వారం పాటు రాసుకుని ఆ ప్రశ్నలు ఇక్కడ పెడితే, మీ పోస్టు మాటలు కూర్చడంలో సాయం చేస్తాను.